గుంటలు, సెంట్లు, గజాలు - అమ్మకానికి ముందు చూసుకోవలసిన లెక్క



ఇంటి జాగా అమ్మేటప్పుడు ధర గురించి మనం నాలుగు రోజులు బేరమాడుతాము గాని, విస్తీర్ణాన్ని మాత్రం కాగితంలో ఉన్న అంకె చూసి ఒప్పేసుకొంటాము. ఈ రోజు ఆ అంకె గురించే నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాము.

ఎకరం ఎక్కడైనా ఒక్కటే, 4,840 చదరపు గజాలు. దాన్ని భాగించే తీరులోనే తేడా ఉంది. పూర్వపు హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉండిన తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు. మద్రాసు రాజధానిలో ఉండిన కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఎకరానికి 100 సెంట్లు. కాబట్టి గుంట అంటే 121 గజాలు, సెంటు అంటే 48.4 గజాలు. ఒక గుంటకు రెండున్నర సెంట్లు. ఈ మూడు అంకెలూ గుర్తుంటే మరే పట్టికా అక్కరలేదు.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందో చూద్దాము. తెలంగాణ కాగితంలో 1.20 అని ఉంటే ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. అదే అంకె గుంటూరు కాగితంలో ఉంటే ఎకరం ఇరవై సెంట్లు. చుక్క ఒకటే, అర్థం వేరు. గుంటలు 39 దాటవు. నలభై అయితే ఎకరం అయిపోతుంది. కనుక చుక్క తర్వాత 40 గాని అంతకు మించి గాని ఉంటే అవి గుంటలు కావని చెప్పవచ్చు. 39 లోపు ఉంటే మాత్రం అంకెను బట్టి తెలియదు. జాగా ఏ ప్రాంతానిదో, అంకె పైన 'ఎ. గుం.' అని ఉందో 'ఎ. సెం.' అని ఉందో చూసుకోవాలి.

ఒక ఉదాహరణ చెప్పుకొందాము. తెలంగాణలోని ఒక పట్టణంలో తల్లీ తండ్రీ ఇద్దరూ గతించిన కుటుంబం ఉందనుకోండి. ఇద్దరు అన్నదమ్ములు, ఒక చెల్లెలు. వేరే వారసులు లేరు, తీర్చవలసిన అప్పులు లేవు. తండ్రి ఇంటి జాగా పాత కాగితంలో 0.05 అని ఉంది. కొనేవారు కోస్తా నుంచి వచ్చినవారు. "అయిదు సెంట్లే కదా భాయిసాబ్" అని 242 గజాలకు లెక్క కట్టారు. గజం పదివేలు చొప్పున రూ. 24,20,000 అయింది. నిజానికవి అయిదు గుంటలు. అంటే 605 గజాలు, రూ. 60,50,000. కలం కదపకుండానే రూ. 36,30,000 పోయేదన్నమాట!

షరీయతు ప్రకారం కొడుకుకు రెండు పాళ్ళు, కూతురికి ఒక పాలు. మొత్తం అయిదు పాళ్ళు. 605 గజాల్లో అన్నదమ్ములకు చెరి 242 గజాలు, చెల్లెలికి 121 గజాలు, సరిగ్గా ఒక గుంట. ఆమెకు రావలసింది రూ. 12,10,000. సెంట్ల లెక్కన పంచితే ఆమె చేతికి వచ్చేది రూ. 4,84,000 మాత్రమే. అత్తవారింట ఉన్న ఆడపడుచు కాగితం చూడదు, అన్నలు చెప్పిందే నమ్ముతుంది. అందుకే తఖ్సీము ముందు ఈ లెక్క ఆమె ఎదుటే వేయాలి.

చిన్న పొరపాటు కూడా చిన్నది కాదు. సెంటుకు 48 గజాలని నోటిమాటగా అంటూ ఉంటారు. మన అయిదు గుంటలు పన్నెండున్నర సెంట్లు. 48తో హెచ్చిస్తే 600 గజాలే వస్తాయి. అయిదు గజాలు, అంటే యాభైవేల రూపాయలు, మాయం.

కాగితం లెక్క అయ్యాక టేపు పట్టాలి. అడుగుల్లో పొడవును వెడల్పుతో హెచ్చించి 9తో భాగిస్తే చదరపు గజాలు. 99 అడుగుల పొడవు, 55 అడుగుల వెడల్పు ఉంటే 5,445 చదరపు అడుగులు. 9తో భాగిస్తే 605 గజాలు. కాగితంతో సరిపోయింది. అయితే మూలలు సరిగా లేని జాగాకు ఎదురెదురు భుజాల సగటు తీస్తే అసలు కంటే ఎక్కువ వస్తుంది. అటువంటప్పుడు మూల నుంచి ఎదురు మూలకు కూడా కొలిచి, రెండు త్రికోణాలుగా లెక్క కట్టించాలి. ముందు భాగం రోడ్డు వెడల్పులో పోయి ఉంటే, కాగితం ఎంత చెప్పినా కొనేవారు నేల మీద ఉన్నదానికే డబ్బిస్తారు.

బయానా పుచ్చుకొనే ముందే ఒప్పందంలో గుంటలతో పాటు చదరపు గజాలు, నాలుగు వైపుల కొలతలు అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాయించండి. "అయిదు గుంటలు, అనగా ఆరువందల అయిదు చదరపు గజాలు" అని రాసి ఉంటే ఆ చుక్కకు రెండర్థాలు తీయడానికి ఎవరికీ వీలుండదు.