గానుగ నూనెలో గారెలు వేస్తే పొగ ఎందుకొస్తుంది?

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "గానుగ పల్లీ నూనె ఇంత రేటు పెట్టి కొంటున్నాం, గారెలు వేస్తుంటే మధ్యలోనే పొగ వచ్చేస్తోంది, కల్తీ నూనెనా?" అని. పొగ వచ్చినంత మాత్రాన కల్తీ అనుకోకండి. మంచి గానుగ నూనె కూడా అలాగే చేస్తుంది.

నూనెని వేడి చేస్తూ పోతే ఒక దశలో సన్నగా నీలం రంగు పొగ ఆగకుండా లేస్తుంది. ఆ వేడినే స్మోక్ పాయింట్ అంటారు. అక్కడ నూనె విరిగిపోవడం మొదలవుతుంది. అందులోని గ్లిసరాల్ నుంచి ఆక్రోలిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. వంటింట్లో కళ్ళు మండేది, గొంతు పట్టేది దానివల్లే. ఆ నూనెలో వేయించిన వాటికి చేదు కూడా వస్తుంది.

మరి పల్లీ నూనె ఒక్కటే కదా, రెండు రకాలుగా ఎందుకు ప్రవర్తిస్తుంది? గానుగలో తీసిన నూనెలో పల్లీ రుచి, వాసన, సన్నటి పొడి, విడిగా ఉన్న కొవ్వు ఆమ్లాలు అన్నీ మిగిలే ఉంటాయి. ముందు మాడేవి, పొగ పుట్టించేవి ఇవే. అందుకే అది సుమారు 160 డిగ్రీల దగ్గరే పొగకి వచ్చేస్తుంది. రిఫైన్ చేసినప్పుడు వీటిలో చాలావరకు తీసేస్తారు, కాబట్టి అదే పల్లీ నూనె దాదాపు 230 దాకా తట్టుకుంటుంది. ఈ అంకెలు బ్రాండుని బట్టి, గానుగని బట్టి అటూ ఇటూ అవుతాయి. ఇంకో మాట, సీసా మీద 'ఫిల్టర్డ్' అని ఉంటే అది రిఫైన్డ్ కాదు, వడకట్టారంతే. దాన్ని గానుగ నూనె లెక్కలోనే వేసుకోండి.

ఇప్పుడు గారెల సంగతి చూద్దాం. గారెలకీ, బజ్జీలకీ నూనె 170 నుంచి 180 డిగ్రీలు ఉండాలి. థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేసి చూడండి. అడుగుకి వెళ్ళి అక్కడే కూర్చుంటే వేడి చాలలేదు. వెంటనే బుడగలతో పైకి తేలితే సరిపోయింది. వేసీ వేయగానే ఎర్రబడితే ఎక్కువైపోయింది. అంటే గారెలకి కావాల్సిన వేడే గానుగ నూనె పొగ గీతని దాటేస్తోంది. రిఫైన్డ్ పల్లీ నూనెకి మాత్రం ఇంకో యాభై డిగ్రీల జాగా ఉంది.

అసలు చిక్కు వాయికీ వాయికీ మధ్యలో వస్తుంది. చల్లటి పిండి పడగానే నూనె వేడి తగ్గుతుంది, మనం మంట పెంచుతాం. గారెలు తీసేశాక మంట తగ్గించకుండా తర్వాతి వాయికి పిండి తట్టుకుంటూ కూర్చుంటాం. ఖాళీ మూకుడులో వేడిని పీల్చుకునేది ఏమీ లేదు కదా, నూనె జోరుగా పైకి పోతుంది. అందుకే వాయి తీయగానే మంట సిమ్‌లో పెట్టండి. రాలిన పిండి ముక్కల్ని చిల్లుల గరిటెతో తీసేయండి, అవి మాడినా పొగ వస్తుంది.

అప్పడాలకి నూనె బాగా కాగాలి, కాబట్టి రిఫైన్డ్ పల్లీ నూనె గానీ తవుడు నూనె గానీ వాడండి. రిఫైన్డ్ సన్‌ఫ్లవర్ కూడా 225 దాకా ఆగుతుంది. కానీ వేడికి అది తొందరగా పాడయ్యే రకం, స్మోక్ పాయింట్ ఎక్కువని మళ్ళీ మళ్ళీ కాచడానికి పనికిరాదు. ఒక్కసారి వేయించుకుని, మిగిలింది ఒకట్రెండు రోజుల్లో కూరల్లో వాడేయండి. నెయ్యిలో నీళ్ళు, పాల పదార్థం పోయి ఉంటాయి కాబట్టి అది 230 పైనే తట్టుకుంటుంది. వెన్న అయితే 150 దాటితే మాడుతుంది. దోశ పెనం మీద వెన్న నల్లబడేది అందుకే, దించే ముందు వేసుకోండి.

మరి గానుగ నూనె ఎక్కడ వాడాలి? కూరలు, పులిహోర పోపు, వంకాయ వేపుడు లాంటివి మీడియం మంట మీద చేస్తే దాని రుచి కూడా దక్కుతుంది. పోపులో నూనె తక్కువ, క్షణాల్లో కాగిపోతుంది. పొగ కోసం ఆగకుండా ముందే ఒక ఆవగింజ వేసి చూడండి. చిటపటమంటే మిగతావి వేసేయొచ్చు.

చివరిగా, వాడేసిన నూనె. గారెల పిండిలోని నీరు వేడి నూనెని కొంచెం కొంచెంగా విడగొడుతుంది, ఆ కొవ్వు ఆమ్లాలు మళ్ళీ పెరుగుతాయి. అందుకే కొత్తప్పుడు 230 దగ్గర పొగ వచ్చిన నూనె ప్రతి వాడకంతో ఇంకొంచెం తక్కువ వేడికే పొగ ఇస్తుంది. పాతదాంట్లో కొత్త నూనె కలిపితే కొత్తదాని స్మోక్ పాయింట్ కూడా దిగుతుంది. హోటళ్ళకైతే 2018 జూలై నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ఉంది, నూనెలో పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే పారేయాలి. ఇంట్లో ఆ మీటర్ ఉండదు. గారెల వేడికే పొగ వస్తున్నా, నురగ పైకి పొంగి తగ్గకపోయినా, చల్లారాక నూనె జిగటగా అనిపించినా ఇక వేపుడుకి వాడొద్దు. చల్లార్చి పాత సీసాలో పోసి మూత పెట్టి పారేయండి. సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది.