‘రెండు పెగ్గులు’ అంటే ఎంత?
(ఆవర్‌పూర్‌లో నివసించే తెలుగు కుటుంబాల ఆరోగ్య సమావేశంలో పురపాలక అనువాదకురాలు చేసిన ప్రసంగ పాఠం)

వైద్యుని వద్దకు కడుపునొప్పితోనో రక్తపోటుతోనో వెళ్లినప్పుడు ఆయన అడిగే ప్రశ్నలలో ఒకటి తప్పక ఉంటుంది: “మద్యం అలవాటు ఉందా?” మనలో చాలామంది ఇచ్చే సమాధానం కూడా ఒకటే: “ఎప్పుడైనా, ఒకటి రెండు పెగ్గులు.” ఈ మాట అబద్ధమని నేననను. అయితే ఈ సమాధానంలో కొలత లేదు. ‘ఎప్పుడైనా’ అంటే నెలకొకసారా, వారానికి మూడుసార్లా? ‘పెగ్గు’ అంటే ముప్పై మిల్లీలీటర్లా, అరవయ్యా? వైద్యులు ఉపయోగించే ప్రశ్నాపత్రం ఈ రెండు సందేహాలను తీర్చడానికే పుట్టింది. దానిని అనువదించే పనిలో ఉన్నదానిగా, ఆ పత్రంలోని ప్రశ్నలు నిజానికి ఏమి అడుగుతున్నాయో, వాటికి మనకు మనం నిజాయితీగా ఎలా జవాబు చెప్పుకోవాలో మీకు వివరించదలచాను.

ఈ పత్రాన్ని వైద్యులు ‘ఆడిట్’ అంటారు. కర్మాగారంలో జరిగే లెక్కల తనిఖీకి దీనితో సంబంధం లేదు. మద్యపాన రుగ్మతలను గుర్తించే పరీక్ష అనే ఆంగ్ల నామానికి ఇది సంక్షిప్త రూపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాలలో జరిపించిన అధ్యయనం ఆధారంగా 1989లో దీనిని ప్రకటించింది. ఆ ఆరు దేశాలలో భారతదేశం లేదు. అందుచేత పత్రంలోని ‘డ్రింక్’ అన్న మాట మన గ్లాసుకు, మన సీసాకు సరిపోయే కొలత కాదు. స్థానికంగా దొరికే మద్యానికి తగినట్లు ఆ కొలతను వివరించి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనల పుస్తకంలోనే పేర్కొన్నది. ఆ వివరణ అందనప్పుడు ప్రశ్న అర్థమైనట్లే ఉంటుంది గాని జవాబు తప్పుతుంది.

ముందుగా ఆ కొలతను చూద్దాము. ఒక ‘డ్రింక్’ అంటే పది గ్రాముల శుద్ధ మద్యసారం. దీనిని మనం ‘ఒక కొలత’ అందాము. సీసా మీద రెండు అంకెలు ముద్రించి ఉంటాయి: పరిమాణం, మద్యసారపు శాతం. ఈ రెండింటినీ గుణించి నూరుతో భాగిస్తే సీసాలోని మద్యసారం మిల్లీలీటర్లలో వస్తుంది. దానిని 0.8తో గుణిస్తే గ్రాములు వస్తాయి. ఆ గ్రాములను పదితో భాగిస్తే కొలతలు తేలతాయి.

మన బజారులో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ము సీసాల మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. క్వార్టర్ సీసా 180 మిల్లీలీటర్లు. లెక్క వేస్తే అందులో సుమారు 62 గ్రాముల మద్యసారం, అంటే ఆరు కొలతలు ఉంటాయి. ‘నైంటీ’ అంటే మూడు కొలతలు. ముప్పై మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక కొలత. అరవై మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండు. బీరు విషయంలో మన అంచనా మరింత తప్పుతుంది. ఎనిమిది శాతం గల స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కటి తాగితే నాలుగు కొలతలు తాగినట్లు. అయిదు శాతం బీరయితే రెండున్నర. “నేను బీరే గదా తాగుతాను” అనేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. కల్లుకు మాత్రం ముద్రించిన శాతం ఉండదు. గీసిన తరువాత గడిచే గంటలతో పాటు పులుపూ మత్తూ మారతాయి. కాబట్టి ఎంత తాగారో సీసాలలోనో లోటాలలోనో వైద్యునికి చెప్పడమే మేలు.

ఇక ప్రశ్నలు పది. మొదటి మూడు తాగే తీరును అడుగుతాయి: ఎంత తరచుగా, తాగిన రోజున సాధారణంగా ఎన్ని కొలతలు, ఒకే విడతలో ఆరు లేక అంతకు మించి ఎంత తరచుగా. నాలుగు నుంచి ఎనిమిది వరకు ఉన్నవి గడచిన సంవత్సరంలో జరిగినవాటిని అడుగుతాయి: మొదలుపెట్టాక ఆపలేకపోవడం, చేయవలసిన పని చేయలేకపోవడం, ఉదయాన్నే తాగవలసి రావడం, తాగినందుకు బాధపడటం, రాత్రి జరిగినది గుర్తు లేకపోవడం. చివరి రెండు, మీ తాగుడు వల్ల ఎవరికైనా గాయం అయిందా, బంధువులో స్నేహితులో వైద్యులో ఆందోళన చెందారా లేక తగ్గించమన్నారా అని అడుగుతాయి. ఒక్కొక్క ప్రశ్నకు సున్నా నుంచి నాలుగు వరకు మార్కులు, మొత్తం నలభై.

ఒక ఉదాహరణ చూద్దాము. ఒక కార్మికుడు వారానికి రెండు రాత్రులు తాగుతాడనుకుందాము. ప్రతిసారీ మూడు పెద్ద పెగ్గులు, అంతకు మించడు. ఆయన పత్రం నింపుతూ మొదటి ప్రశ్నకు ‘వారానికి రెండు మూడుసార్లు’ అని గుర్తు పెడతాడు: మూడు మార్కులు. రెండవ ప్రశ్నకు ‘మూడు పెగ్గులు’ గనుక ‘మూడు నుంచి నాలుగు’ అని పెడతాడు: ఒక మార్కు. ఆరు పెగ్గులు ఎన్నడూ తాగలేదు గనుక మూడవదానికి సున్నా. మొత్తం నాలుగు.

ఇప్పుడు గ్లాసును కొలతలోకి మార్చుదాము. మూడు పెద్ద పెగ్గులంటే పూర్తి క్వార్టర్, ఆరు కొలతలు. రెండవ ప్రశ్నకు రెండు మార్కులు. ప్రతి వారం ఆరు కొలతలు దాటుతున్నాయి గనుక మూడవ ప్రశ్నకు మూడు మార్కులు. మొదటి మూడు ప్రశ్నలకే ఎనిమిది అయింది. ఆయన తాగే పరిమాణం మారలేదు, ఆయన అబద్ధమూ చెప్పలేదు. కొలత ఒక్కటే మారింది.

మిగిలిన ఏడు ప్రశ్నలలో తప్పటడుగు వేరే విధంగా పడుతుంది. ఆయన ఆపగలడు, నాలుగవదానికి సున్నా. ఏడాదిలో రెండుసార్లు తాగిన మరునాడు డ్యూటీకి వెళ్లలేదు. “సెలవు పెట్టాను గదా” అని ఆయన దానిని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. ప్రశ్న సెలవును గురించి కాదు, చేయవలసిన పని తాగుడు వల్ల ఆగిందా అని. ఒక మార్కు. ఉదయాన్నే తాగవలసిన అవసరం లేదు, సున్నా. జీతం పడిన వారం తాగి, ఇంటికి పంపవలసిన డబ్బు తగ్గినందుకు నెలకొకసారి మనసు నొచ్చుకుంటున్నాడు, రెండు మార్కులు. రాత్రి ఏమి మాట్లాడాడో గుర్తు లేని సందర్భం ఏడాదిలో ఒకటి రెండు, ఒక మార్కు. రెండేళ్ల క్రితం తాగి మోటారుసైకిలు మీద నుంచి పడి మోచేయి చెక్కుకుపోయింది. గాయం ఏడాది దాటినదైనా రెండు మార్కులు. చివరి ప్రశ్నకు “నాకెవరూ చెప్పలేదు” అని రాయబోతాడు. ఈ ఏడాదిలోనే భార్య “కాస్త తగ్గించండి” అన్నది గుర్తున్నా, “ఆమె ఎప్పుడూ అనేదే గదా” అని వదిలేస్తాడు. ప్రశ్న అడిగేది ఆ మాటనే. నాలుగు మార్కులు.

మొత్తం పద్దెనిమిది. గ్లాసు లెక్కతో, మరచిపోయిన వాటితో నాలుగు వచ్చేది. నాలుగు వస్తే వైద్యుడు రెండు మాటలు చెప్పి పంపేవాడు. పద్దెనిమిది వస్తే కూర్చోబెట్టి మాట్లాడి, ఎంత తగ్గించాలో మీతో కలిసి నిర్ణయించి, మళ్లీ రమ్మంటాడు.

ఈ అంకెలకు మెట్లున్నాయి. ఎనిమిది నుంచి పదిహేను వరకు, హాని కలిగించే దిశలో ఉన్నారని అర్థం. తగ్గించుకోవడానికి సలహా చాలు. పదహారు నుంచి పంతొమ్మిది వరకు సలహాతో పాటు పునఃపరిశీలన కావాలి. ఇరవై గాని అంతకు మించి గాని వస్తే మద్యానికి బానిసైనట్లు అనుమానించి, నిపుణుల పరీక్షకు పంపాలి. స్త్రీల విషయంలో, అరవై అయిదేళ్లు దాటిన పురుషుల విషయంలో ఏడు వచ్చినా జాగ్రత్తపడాలి. ఈ అంకె రోగ నిర్ధారణ కాదు. ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో వైద్యునికి చూపే గుర్తు మాత్రమే.

షిఫ్టు పని చేసేవారికి ఆరవ ప్రశ్న ప్రత్యేకంగా తికమక పెడుతుంది. రాత్రి షిఫ్టు దిగి ఉదయం ఏడు గంటలకు తాగేవారు “ఉదయం తాగుతాను” అని రాయాలా? ఆ ప్రశ్న అడిగేది గడియారాన్ని కాదు. ముందు విడత ఎక్కువ తాగిన తరువాత నిద్ర లేవగానే, చేతుల వణుకో గుండె దడో తగ్గి పనిలో పడటానికి మొదటి గుక్క కావలసి వస్తున్నదా అని. సాయంత్రం నాలుగింటికి నిద్ర లేచే మనిషికి ఆ గుక్క సాయంత్రమే పడుతుంది. అది ఎంత తరచుగా జరుగుతున్నదో ఆయన రాయాలి. ఇక్కడ తాగక, పండుగకు ఊరు వెళ్లినప్పుడే నాలుగు రోజులు తాగేవారికీ ఒక మాట. రెండవ ప్రశ్న ‘తాగిన రోజున’ ఎంత అని అడుగుతుంది. ఏడాది మొత్తానికి సగటు అడగడం లేదు.

మన జిల్లాలో జవాబు దాచుకోవడానికి ఒక చరిత్ర కూడా ఉన్నది. 2015 ఏప్రిల్ నుంచి చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం అమలైంది; 2021లో ప్రభుత్వం దానిని ఎత్తివేసింది. ఆ ఆరేళ్లలో “తాగుతాను” అనడమంటే నేరాన్ని ఒప్పుకున్నట్లుగా తోచేది. నిషేధం పోయినా నోటి అలవాటు కొందరిలో పోలేదు. పైగా, జవాబు యాజమాన్యం చెవిన పడుతుందన్న భయం ఉంటుంది. ఆ భయం ఉన్నవారు ముందుగా ఇంట్లో, కాగితం మీద, పేరు రాయకుండా ఈ పది ప్రశ్నలకు జవాబు రాసుకోవాలి. సీసాను ముందు పెట్టుకొని, గడచిన నాలుగు వారాలలో తాగిన రోజులను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకొని రాయాలి. తరువాత చివరి రెండు ప్రశ్నలను ఇంటి మనిషిని అడగాలి. ఆమె జవాబు మీ జవాబుతో కలవకపోతే ఆమెదే రాసుకోవాలి.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. మార్కులు ఎక్కువ వచ్చాయని భయపడి, రోజూ తాగేవారు, నిద్ర లేవగానే చేతులు వణికేవారు ఒక్కసారిగా మానేయరాదు. హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణాపాయం కూడా కలగవచ్చు. అటువంటివారు వైద్యుని పర్యవేక్షణలో, మందులతో మానాలి. ఎవరిని అడగాలో తోచకపోతే 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. అది వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం. మనసు విప్పి తెలుగులో మాట్లాడాలనుకుంటే 14416, టెలీ మానస్ ఉన్నది. ఫోను చేసేటప్పుడు మీ మార్కుల కాగితాన్ని చేతిలో ఉంచుకోండి. “ఎప్పుడైనా, ఒకటి రెండు పెగ్గులు” అనడానికి బదులు “వారానికి రెండుసార్లు, ఆరేసి కొలతలు” అని చెప్పండి. అవతలివారు అక్కడి నుంచి సాయం మొదలుపెట్టగలరు.