చీరె కడతాం, చుట్టుకోం
(వీర్నపల్లిలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ సారు దగ్గరే నేను తెలుగు నేర్చుకున్నాను. వ్యాసం దిద్దేటప్పుడు ఆయన ఎర్రసిరా వాడేవారు కాదు. అనుమానం వచ్చిన వాక్యం కింద గీత గీసి, "ఇది మీ అమ్మతోని అను. ఆమె ఏమన్నదో రేపు వచ్చి చెప్పు" అనేవారు. మా అమ్మ బీడీలు చుడుతూనే వినేది. వాక్యం సరిగ్గా ఉంటే చేతులు ఆగేవి కావు. లేకపోతే చేతులాపి, "ఏమంటున్నవ్‌రా?" అనేది. తరవాత హైదరాబాద్‌లో ప్రకటనలు రాసే పనిలో చేరాక నాకు అంతకన్నా నమ్మకమైన పరీక్ష దొరకలేదు.

ఆ పరీక్ష మరిచిపోయి ఒకసారి దెబ్బతిన్నాను. దసరాకు ఒక బట్టల షోరూం ప్రకటన వచ్చింది. ఇంగ్లీషు హెడ్‌లైన్ 'రాప్ యువర్‌సెల్ఫ్ ఇన్ ట్రెడిషన్'. నేను 'సంప్రదాయంలో మిమ్మల్ని మీరు చుట్టుకోండి' అని రాసిచ్చాను. ఫ్లెక్సీలు కట్టారు. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే ఒక పెద్దమనిషి దాన్ని చదివి నాతోనే అన్నాడు: "చుట్టుడేంది బిడ్డా, పీనుగనా?"

తప్పు ఎక్కడుందో ఆ ఒక్క మాటతో తెలిసింది. ఇంగ్లీషులో ఏ బట్టకైనా 'వేర్' అంటే సరిపోతుంది. మన దగ్గర బట్టను బట్టి క్రియ మారుతుంది. చీరె కడతాం, ధోతి కడతాం. అంగీ తొడుక్కుంటాం. శాలువా కప్పుకుంటాం. రుమాలు తలకు చుట్టుకుంటాం. ఎదిగిన మనిషిని బట్టలో చుట్టేది ఒక్క సందర్భంలోనే. పైగా 'మిమ్మల్ని మీరు' అనే జంట ఇంగ్లీషు వాక్యం నుంచి ఊడిపడింది. 'కట్టుకోండి' అన్నప్పుడు ఆ 'కో'లోనే 'మీరు మీకోసం' అన్న అర్థం ఉంది.

రెండో ఉదాహరణ ప్రతి అంగట్లో కనిపించేదే. 'బై వన్ గెట్ వన్ ఫ్రీ'. పత్రికా ప్రకటనలో ఇది 'ఒకటి కొనండి, ఒకటి ఉచితంగా పొందండి' అవుతుంది. దుకాణదారు తన బోర్డు మీద 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' అని రాసుకుంటాడు. వ్యాకరణం తెలిసినవాడు దుకాణదారే. ఇంగ్లీషులో రెండు ఆజ్ఞలు పక్కపక్కన నిలబడ్డా, లోపల ఉన్న అర్థం ఒక షరతు. మన భాషలో షరతు చెప్పడానికి 'తే' ఉంది, 'కొను'కు చేరితే అది 'టే' అవుతుంది. అది పెట్టగానే రెండో క్రియతో పనిలేదు, 'పొందండి' ఎగిరిపోతుంది. 'కోరుట్ల పోయి మామిడిపండ్లు పొందిన' అని ఎవరూ అనరు కదా.

మూడోది పోలిక. ఇంగ్లీషు సబ్బు ప్రకటన 'వైటర్, బ్రైటర్' అని ఊరుకోగలదు. దేనికన్నా తెలుపో చెప్పక్కర్లేదు, మాట చివరి ప్రత్యయమే పోలికను మోస్తుంది. తెలుగు విశేషణానికి ఆ రూపం లేదు. పోలిక చెప్పాలంటే 'కంటే' కావాలి, 'కంటే'కు ముందు ఒక వస్తువు కావాలి. ఆ వస్తువు లేనందుకు అనువాదకుడు 'మరింత'ను పట్టుకొస్తాడు. 'మరింత తెల్లగా, మరింత ప్రకాశవంతంగా'. ఒక పేజీలో 'మరింత' మూడుసార్లు కనిపించిందంటే మూలం ఇంగ్లీషని చదవకుండానే చెప్పొచ్చు.

ఇక సరిగ్గా దాటివచ్చిన మాటను ఒకదాన్ని విప్పి చూద్దాం. యూనిలీవర్ కంపెనీ బట్టల సబ్బు ప్రచారానికి ఇంగ్లీషు మాట 'డర్ట్ ఈజ్ గుడ్'. మన దేశంలో సర్ఫ్ ఎక్సెల్‌కు అది హిందీలో 'దాగ్ అచ్ఛే హైఁ' అయింది. చెల్లెలు బురదలో పడితే అన్న ఆ బురదగుంటను పిడిగుద్దులు గుద్ది 'సారీ' చెప్పించే చిత్రం మీకు గుర్తుండే ఉంటుంది. తెలుగులో ఆ మాట 'మరక మంచిదే'.

'డర్ట్'ను యథాతథంగా తెస్తే మట్టి అనాలి, లేదా మురికి అనాలి. 'మట్టి మంచిది' అంటే వీర్నపల్లి రైతు "అవును, అయితే ఏంది?" అంటాడు. ఆయనకు అందులో వార్త లేదు. 'మురికి మంచిది' అంటే ఏ తల్లీ ఒప్పుకోదు, మురికి అనే మాటలోనే అసహ్యం ఉంది. మరక మధ్యలో ఉంటుంది. తల్లికి దానిమీద కోపమే గాని రోత లేదు. ఆ కోపాన్ని పోగొట్టడమే ప్రకటన పని. హిందీవాళ్ళు 'దాగ్' ఎంచుకోవడంతోనే సగం దారి పడింది.

తరవాతి సగం తెలుగు రచయితది. హిందీని మాటకు మాట తెస్తే 'మరకలు మంచివి' వస్తుంది. అది పాఠ్యపుస్తకంలోని వాక్యంలా ఉంటుంది. ఏకవచనం చేసి చివర 'ఏ' చేర్చగానే వాక్యం మారిపోయింది. 'మంచిది' అంటే సమాచారం. 'మంచిదే' అంటే అవతల ఎవరో చెడ్డదన్నారని, వాళ్ళకిది జవాబని అర్థం. బస్సు తప్పిపోయినప్పుడు "పోనీలే, ఒకందుకు మంచిదే" అంటామే, ఆ ఓదార్పంతా ఈ ఒక్క అక్షరంతో వచ్చింది. రెండు మాటలూ 'మ'తో మొదలై నోటికి పట్టాయి.

మరి ఇంత తెలిసీ మాటకు మాట అనువాదాలు ఎందుకు ఆగవు? రాసేవాళ్ళకు చేతగాక అనుకుంటారు. నేను చూసిన అసలు కారణం వేరు. ప్రకటనకు ఆమోదం తెలిపే మనిషి చాలాసార్లు తెలుగు రాని మనిషి. ఆయన మన తెలుగు వాక్యాన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చి పంపమంటాడు. 'ఒకటి కొనండి, ఒకటి ఉచితంగా పొందండి'ని వెనక్కి మారిస్తే ఆయన రాసిందే అచ్చంగా తిరిగి వస్తుంది, సంతోషిస్తాడు. 'మరక మంచిదే'ను వెనక్కి మారిస్తే 'ఏ' దారిలో రాలిపోతుంది, వాక్యం పేలవంగా కనిపిస్తుంది. అంటే ఈ తూనికలో చెడ్డ అనువాదమే ఎప్పుడూ బరువు తూగుతుంది. అందుకని నేను తిప్పి రాసిన ఇంగ్లీషు పక్కన ఇంకో రెండు వరుసలు రాసి పంపేవాణ్ణి: ఈ మాట మా దగ్గర ఎవరు, ఎవరితో, ఎప్పుడు అంటారో. చాలాసార్లు ఒప్పుకున్నారు, కొన్నిసార్లు లేదు.

మాటకు మాట తేకూడదన్న నియమానికీ హద్దుంది. 'షరతులు వర్తిస్తాయి' అచ్చమైన అనువాదమే. అయినా జనం దాన్ని తీసుకుని, "పెండ్లికి వస్త, కాని షరతులు వర్తిస్తాయి" అని నవ్వుకునే మాట చేసుకున్నారు. మాట వాడుకలో నిలిచిందంటే దాని పుట్టుకతో తగువులేదు.

ఆ దసరా ఫ్లెక్సీ సంగతి ముగించాలి. పెద్దమనిషి మాట విన్నాక నేను పక్కనున్న ఆడవాళ్ళను, పండుగ ముందు చీరెల గురించి ఏం మాట్లాడుకుంటారని అడిగాను. వాళ్ళు చెప్పిందే మరుసటి ఏడు హెడ్‌లైన్‌గా పెట్టాను: 'సద్దులకు ఏం చీరె కట్టుకుంటున్నవ్ వదినె?' కొనేవాళ్ళను దుకాణం 'నువ్వు' అంటే తప్పవుతుంది. ఇక్కడ అడిగింది బొమ్మలోని మరదలు, కనుక 'మీరు' అక్కర్లేకపోయింది. మిగతా జిల్లాల కోసం 'సద్దుల'నూ 'వదినె'నూ మార్చాల్సి వచ్చింది. ఒకే తెలుగు రాసి అందరికీ పంచవచ్చనే ఆశ అక్కడ వదులుకున్నాను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో దుకాణాల కరపత్రాలు, ఫ్లెక్సీలు, ఫోన్లలో తిరిగే ప్రకటనలు ఇప్పుడు రాస్తున్నది మీలోని పిల్లలే. మీకు నా మనవి ఒక్కటే. ఇంగ్లీషు కాగితం బోర్లించి పెట్టండి. రాసిన వాక్యాన్ని ఇంట్లో పనిచేసుకుంటున్న మనిషితో అనండి. ఆమె చేతులు ఆగితే, వాక్యం మార్చండి.