నీటి వంతుల చీట్లు



కుండలో తాటాకు చీట్లు వేసి తీయుట మన దక్షిణదేశమున మిక్కిలి ప్రాచీనమైన యాచారము. మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో, ఉత్తరమేరూరున చెక్కించిన శాసనములు దీనికి సాక్ష్యములు. ఆ యూరివారు చెరువును కనిపెట్టి చూచు వారియమునకు సభ్యులను ఈ రీతినే యెన్నుకొనుచుండిరి. అర్చకులలో వృద్ధుడు కుండను అందఱకు కనబడునట్లు ఎత్తి పట్టవలెను. లోపల నేమున్నదో యెఱుగని బాలుడొకడు చీటి తీయవలెను. మధ్యస్థుడు అయిదు వ్రేళ్లును చాచిన అరచేతితో దానిని అందుకొని చదువవలెను. చేతివాటమునకు ఎక్కడను చోటు లేకుండ చేసిన కట్టుబాటిది. ఇంత జాగ్రత్తగా తీసిన చీటియు ఒకానొకప్పుడు అన్యాయము చేయగలదా యనునదే యీ కథలోని ప్రశ్న.

ఒక యూరి చెరువునకు చిన్న తూమొకటి కలదు. దాని కాలువ క్రింద పదిమంది రైతులు. ఒక్కొక్కరికి ఎకరము చొప్పున సమానమైన మాగాణి. తూము ప్రక్కది మొదటి పొలము, కాలువ కొసనున్నది పదవది. ఆ యేడు వెనుకటి వానలు కురియలేదు. వరి పొట్టమీద నున్నది. ఆ దశలో మడి యెండినచో కంకి వచ్చును గాని గింజ పాలు పోసికొనదు. చేతికి వచ్చునది తాలు. చెరువులో మిగిలిన నీరు అందఱకు ఒక్కమాఱు విడుచుటకు చాలదు. వంతులు తప్పలేదు.

ఊరిపెద్ద రచ్చకట్టపై సభ చేసెను. వంతునకు పదునైదు గడియలు, అనగా ఆఱు గంటలని నిర్ణయమయ్యెను. తూము దగ్గఱ నీళ్ల తొట్టిలో గడియ గిన్నె పెట్టిరి. అడుగున సన్నని బెజ్జముగల ఆ రాగి గిన్నె నీట తేలుచు, నెమ్మదిగా నిండి, 24 నిమిషములకు మునుగును. అది మునిగినప్పుడెల్ల నీరుకట్టువాడు గోడపై ఒక గీత గీయవలెను. ఇసుక రేణువు పడి బెజ్జము మూసికొనినచో గడియ పొడుగగును గనుక తొట్టినీటిని గుడ్డతో వడియగట్టిరి. పది చీట్లను ఒకే కొలతగా కోసి, పేర్లు వ్రాసి, చుట్టి, కుండలో వేసిరి. బాలుడొకడు తీసెను. పేరు వెలువడిన క్రమమే వంతుల క్రమము.

తొలి చీటి కాలువ కొసనున్న పదవ పొలము రైతుదే. ఆతడు సంతోషముతో ఇంటికి పోయి పార తెచ్చుకొనెను. రెండవ చీటి మొదటి పొలమువానిది. ఆతడు ఊరిపెద్దకు స్వయముగా తమ్ముని కొడుకు. తరువాత 7, 2, 9, 4, 8, 5, 6, 3 పొలములవారి పేర్లు వరుసగా వచ్చినవి.

మఱునాడు పదవ పొలము రైతు రచ్చకట్టకు వచ్చి కోపముతో నిలిచెను.

"పెద్దయ్యా, నా వంతు పదునైదు గడియలన్నారు. నా మడవలో నీరు పారింది పది గడియలే. మీ తమ్ముడి కొడుక్కి మాత్రం పదునైదూ నిండుగా పారింది. ఇదేం ధర్మం?"

చుట్టునున్నవారిలో ఒకడు చీట్లలోనే మోసమున్నదనెను. ఊరిపెద్ద మాఱు మాటాడక, దాచియుంచిన చీట్లను తెప్పించి అందఱ యెదుట పఱచెను. మోసము చేయువాడు ఒక పేరును రెండు చీట్లపై వ్రాయును. లేక చేతికి తెలియునట్లు ఒక చీటిని మందముగనో పొడవుగనో కోయును. ఇక్కడ పది చీట్లపై పది పేర్లున్నవి. ఒకదానిపై నొకటి పెట్టి చూచిన అంచులు కలిసినవి. అయినను పదవ పొలము రైతు తృప్తి చెందలేదు.

"చీటీ సత్యమే కావచ్చు పెద్దయ్యా. మరి నా అయిదు గడియలు ఎవరు తాగారు?"

"అబ్బాయీ, అది నాకూ తెలియలేదు. రా, కాలువనే అడుగుదాం" అని ఊరిపెద్ద లేచెను.

మఱుసటి చుట్టు అదే క్రమమున సాగుచుండగా ఆయన గిన్నె యొద్ద ఒకనిని కూర్చుండబెట్టి, తాను కాలువ గట్టుపై నడిచెను. తూమునుండి విడిచిన నీరు ఎండి బీటలు వాఱిన కాలువలో ఇంకుచు, పగుళ్లు నింపుచు, పదవ పొలమును చేరునప్పటికి అయిదు గిన్నెలు మునిగినవి. తరువాత మొదటివాని వంతు. ఆతని మడవ తూము ప్రక్కనే గనుక ఒక నిమిషమైనను పోలేదు. ఈలోగా దిగువ కాలువ మరల ఎండసాగెను. అప్పుడు ఏడవ పొలమునకు నీరు పంపగా మూడు గడియలు, రెండవ పొలము వెంట తొమ్మిదవదానికి పంపగా నాలుగు, నాలుగవదాని వెంట ఎనిమిదవదానికి రెండు గడియలు కాలువ తడియుటకే పోయినవి. మొత్తము పదునాలుగు. పదిమందికై విడిచిన నీటిలో ఇంచుమించు ఒక మనుష్యుని వంతంతయు కాలువ బురదయే త్రాగినది. ఆ నష్టమును భరించినవారు దిగువ రైతులు మాత్రమే.

ఆ లెక్క సభలో చదివినప్పుడు మొదటి పొలమువాడు ఊరకుండలేదు.

"పెదనాన్నా, ఒక మాట. నా మడవకు నీరు తిప్పుకొన్నాక కూడా కాలువలో నిలిచిన నీరు కొస మడిలోకే పారింది గదా. అది లెక్కకు రాదా?"

ప్రశ్న న్యాయమైనదే. ఊరిపెద్ద దానినికూడ కొలిపించెను. అట్లు పాఱిన మిగులు నీరు ఒక గిన్నె మునుగునంత సేపు మాత్రమే నడిచెను. పోయినవి అయిదు గడియలు, తిరిగి వచ్చినది ఒకటి. ఇంకినది మరల రాదు.

అప్పుడు క్రొత్త కట్టుబాటు ఏర్పడెను. వంతుల క్రమమును చీటి చెప్పరాదు; కాలువయే చెప్పవలెను. తూమునుండి కొసవఱకు పొలములున్న వరుసనే నీరు నడువవలెను. పదవదాని తరువాత మరల మొదటిది. ఎవరితో ఆరంభింపవలెనో అంతమాత్రమే చీటి చెప్పును. రెండవ నియమము: తన మడవకు నీరు చేరిన క్షణమునుండియే ఆతని పదునైదు గడియలు లెక్కింపవలెను. కాలువ తడియుటకు పట్టుకాలము ఏ యొక్కని వంతులోనిదియు కాదు. చుట్టు ఆ మేరకు పొడుగగును, అందఱును ఆ మేరకు వేచియుందురు.

చీటి తీయగా నాలుగవ పొలము వచ్చినది. ఆ చుట్టున కాలువ తడియుటకు మొత్తము అయిదు గడియలే పట్టినవి; పదునాలుగు కాలేదు. ప్రతివాని మడవలోను గిన్నె పదునైదు మాఱులు మునిగెను.

ఇంతటితో సమత్వము సంపూర్ణమైనదని ఊరిపెద్ద చెప్పలేదు. కాలము సమానమైనను ప్రవాహము సమానము కాదు. దారిపొడవున ఇంకుటచేత కొసకు చేరు ధార తూము దగ్గఱ ధారకంటె పలుచన. ఆ లోటును కొలుచు సాధనము వారియొద్ద లేదు. కావున కాలువలో మిగిలిన నీటిని కొస రైతునకే విడిచిరి. దానికి మొదటి పొలమువాడుకూడ సమ్మతించెను. పదవ పొలము రైతు మాత్రము "ఇదీ తక్కువే, అయినా లెక్క తెలిసిన తక్కువ" అనుచు పార భుజమున వేసికొని పోయెను.

ఉత్తరమేరూరి కుండకును, ఈ యూరి కుండకును భేదమిక్కడనే కలదు. అచ్చట చీట్లపై నున్నవి అర్హతలు ముందుగా విచారింపబడిన మనుష్యుల పేర్లు. వారిలో ఎవరు వచ్చినను చెరువునకు ఒక్కటే. ఇచ్చట పేర్లు మనుష్యులవే గాని, ఆ పేర్ల వెనుక నున్నవి కాలువ వెంబడి స్థానములు. అవి సమానములు కావు. అసమానములైనవానిని సమానములుగ నెంచి కుండలో వేసినప్పుడు, తీయు బాలుని చేయి ఎంత నిర్మలమైనను ఫలము వక్రముగనే వచ్చును. చీట్లు వేయుటకు ముందు గట్టు వెంట ఒకమాఱు నడిచి, గిన్నెతో కొలిచి, ఏది చీటికి విడువదగినదో ఏది విడువరానిదో తేల్చుకొనుటయే పెద్దఱికము.

స్వస్తి.