కరెంటు సామాను కొనేటప్పుడు త్రాసు మరవొద్దు
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నకిలీ విత్తనం గురించి, కల్తీ పురుగుమందు గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఇవాళ నాసిరకం కరెంటు సామాను గురించి మాట్లాడుకుందాం. విత్తనం మొలవకపోతే పది రోజుల్లో తెలుస్తుంది. వైరు నాసిరకమైతే ఆ సంగతి వెంటనే తెలియదు. ఎండాకాలంలో మోటారు కాలిపోతుంది. వైండింగ్ చేసే మెకానిక్ లో వోల్టేజీ వల్ల పోయిందంటాడు. మనం కరెంటోళ్లను తిట్టుకుంటాం. వైరు మీదికి ఎవరి ధ్యాసా పోదు.

ఆమధ్య మన సంఘం ఆఫీసుకు ఒక సభ్యుడు కేబుల్ ముక్క తెచ్చాడు. ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారుకు వేసిన మూడు కోర్ల ఫ్లాట్ కేబుల్ అది. రెండేళ్లలో రెండుసార్లు మోటారు కాలింది. కేబుల్ మీద 2.5 చదరపు మిల్లీమీటర్లు అని అచ్చు ఉంది, ఐఎస్ఐ గుర్తు కూడా ఉంది. తొడుగు ఒలిచి పోగులు లెక్కపెట్టాం. కోరుకు 36 ఉన్నాయి, అంటే లెక్క సరిగ్గానే ఉంది. కత్తితో గీకితే లోపల కూడా ఎర్రగానే ఉంది, రాగే. ఇక ఒక మీటరు కోసి మూడు కోర్ల రాగినీ ఒలిచి త్రాసులో పెట్టాం. 47 గ్రాములు తూగింది.

ఉండాల్సింది ఎంత? గుర్తు పెట్టుకోవడానికి ఒక్క అంకె చాలు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగ మీటరు పొడవుకు దాదాపు 9 గ్రాములు తూగుతుంది. 2.5 సైజుకు కోరుకు 22 గ్రాములు, మూడు కోర్లకు 67 గ్రాములు. నాలుగు సైజైతే కోరుకు 36 గ్రాములు. మనవాడి కేబుల్‌లో 20 గ్రాములు తక్కువ, అంటే మూడో వంతుకు దగ్గరగా రాగి మాయం. పోగుల లెక్క తగ్గించలేదు, ఒక్కో పోగునే సన్నం చేశారు. 0.3 మిల్లీమీటర్లు ఉండాల్సిన పోగు 0.25 ఉంటే కంటికి తేడా తెలియదు. త్రాసుకే తెలుస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. ప్రమాణం బరువును కొలవదు, తీగ కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో కొలుస్తుంది. మంచి రాగి వాడే కంపెనీ 22 బదులు 20 గ్రాములు వేసినా ప్రమాణంలోనే ఉండొచ్చు. కాబట్టి ఒకటి రెండు గ్రాములకు షాపువాళ్లతో గొడవ పడొద్దు. 16కు వచ్చిందంటే మాత్రం అది 2.5 కానే కాదు.

దీనివల్ల మోటారుకు ఏమవుతుంది? స్టార్టర్ నుంచి మోటారు దాకా వంద మీటర్ల కేబుల్, 9 ఆంపియర్ల కరెంటు అనుకుందాం. నిండు 2.5 రాగి కేబుల్‌లో దారిలో 11 వోల్టులు పోతాయి. ఆ సన్న కేబుల్‌లో 15 పోతాయి. స్టార్టర్ దగ్గరే 370 ఉన్న ఊళ్లో ఆ నాలుగు వోల్టులూ లెక్కే. వోల్టేజీ తగ్గేకొద్దీ మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది, వేడెక్కుతుంది. మోటారు కాలడానికి ఇదొక్కటే కారణమని మేము అనడం లేదు. లో వోల్టేజీ ఉన్నచోట ఇది దాన్ని ఇంకా పెంచుతుంది.

ఇంతకంటే ఘోరమైనది అల్యూమినియం పోగుకు రాగి పూత పూసిన వైరు. అదే మందంలో ఇది రాగి కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు అడ్డుపడుతుంది. పైగా జాయింటు దగ్గర అల్యూమినియానికి పొర కట్టి, వదులై, మాడిపోతుంది. ఒక ఫేజు తెగితే మోటారు మిగతా రెండింటి మీద నడిచి కాలిపోతుంది. దీన్ని పట్టుకోవడం సులువు. పోగును చాకుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. చేతిలో పట్టుకుంటే తేలికగా ఉంటుంది, బరువు సగం కూడా రాదు.

షాపులో ఎవరూ కాయిలు కోయనివ్వరు కదా అంటారు. కాయిలునే తూచండి. 90 మీటర్ల సింగిల్ కోరు 2.5 వైరులో రాగే దాదాపు రెండు కిలోలు ఉంటుంది, పైన ప్లాస్టిక్ మరో కిలోకు దగ్గరగా ఉంటుంది. మొత్తం కాయిలే రెండు కిలోలు తూగితే అక్కడే వదిలేయండి. కొస దగ్గర వైరును గట్టిగా మడిచి చూడండి. మడత దగ్గర తొడుగు తెల్లబడినా పగిలినా సుద్ద ఎక్కువ కలిపారని అర్థం.

గుర్తులు కూడా చూడాలి, కానీ గుర్తు ఉంటే చాలదు. వైర్లకు, స్విచ్‌లకు, బ్రేకర్లకు ఐఎస్ఐ తప్పనిసరి అని 2003లోనే కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. గుర్తు పైన ప్రమాణం నంబరు ఉంటుంది. వైరుకు ఐఎస్ 694, స్విచ్‌కు ఐఎస్ 3854. గుర్తు కింద సిఎం/ఎల్ అని లైసెన్సు నంబరు ఉంటుంది. ఆ నంబరును ఫోనులో బిఐఎస్ కేర్ యాప్‌లో కొట్టండి. కంపెనీ పేరు, ఏ సరుకుకు లైసెన్సు ఇచ్చారు, అది ఇంకా చెల్లుతుందా అన్నవి వస్తాయి. నంబరు నిజమే అయినా అది వేరే కంపెనీదో వేరే సరుకుదో కావొచ్చు. అందుకే పెట్టె మీది పేరుతో కలిపి చూసుకోవాలి. అసలు నంబరే లేకుండా వట్టి ఐఎస్ఐ బొమ్మ ఉంటే ముట్టుకోవద్దు.

స్విచ్‌లు, ప్లగ్గుల దగ్గరికి పోయేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. వైరు బిగించే టెర్మినల్ ఇత్తడిదైతే అయస్కాంతం అంటుకోదు. అంటుకుందంటే పూత పూసిన ఇనుము. బోరు దగ్గర తేమకు అది తుప్పు పడుతుంది, వేడెక్కుతుంది. స్క్రూ మాత్రం మంచి స్విచ్‌లో కూడా ఇనుముదే ఉండొచ్చు, దాన్ని చూసి తప్పు పట్టొద్దు.

బ్రేకర్‌కు అయస్కాంతం పనికిరాదు, ఎందుకంటే ఒరిజినల్‌లో కూడా లోపల ఇనుము ఉంటుంది. దాని ముఖం మీద సి16 లాంటి రేటింగు, చిన్న గడిలో 6000 లేదా 10000 అనే అంకె ఉండాలి. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు అన్ని ఆంపియర్ల దాకా తాను పేలకుండా తెంచగలదని ఆ అంకెకు అర్థం. అచ్చును గోరుతో రుద్దితే పోకూడదు. మీట టక్కున పడాలి, టక్కున లేవాలి, మధ్యలో నిలవకూడదు. ఒక్కో పోలు వంద గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. నిప్పురవ్వను చల్లార్చే ఇనుప రేకులు, రాగి చుట్ట లోపల ఉంటేనే ఆ బరువు వస్తుంది. నకిలీలో వాటినే తగ్గిస్తారు. నమ్మకమైన ఒరిజినల్ ఒకటి ఒక చేతిలో, కొనబోయేది రెండో చేతిలో పట్టుకుంటే తేడా తెలుస్తుంది.

ఇవన్నీ చూసినా, ఆపదలో ఆ బ్రేకర్ పడుతుందో లేదో షాపులో ఎవరూ చెప్పలేరు. అది లేబొరేటరీలో తేలాల్సిన విషయం. అందుకే బిల్లు తప్పనిసరి. 'కరెంటు సామాను' అని ఒక్క ముక్క రాసిచ్చిన బిల్లు ఎందుకూ పనికిరాదు. కంపెనీ పేరు, సైజు, ఎన్ని మీటర్లు అన్నవి రాయించుకోండి. బోరులోకి దించే ముందు మీటరు ముక్క కోసి, బిల్లుతో పాటు దాచిపెట్టండి.

మన సభ్యుడి దగ్గర ఆ బిల్లు లేదు. అందుకే కేబుల్ మోసం మన చేతిలో తేలినా, డబ్బు తిరిగి ఇప్పించలేకపోయాం. బిల్లు ఉంటే 1915కు ఫోన్ చేయొచ్చు, బిఐఎస్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. ముక్క, బిల్లు పట్టుకుని ఆఫీసుకు రండి. త్రాసు అక్కడే ఉంది. కలిసి తూచుదాం, ఫిర్యాదు కలిసే రాద్దాం.