వడ్లు ఎండితే నీళ్లు ఎటు పోయినయి?

సాయంత్రం పూట తండా పిల్లలకు చదువు చెప్తున్న మీతో ఒక్క విషయమే మాట్లాడదామని వచ్చినం. పిల్లకు పాఠం తెలిసిందా, మాట మాత్రమే తెలిసిందా అన్నది ఎట్ల పసిగట్టాలె?

మన మాడుగులపల్లి పిల్లలకు ఇంట్లో లంబాడీ, ఊర్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉంటయి. లంబాడీ మాత్రం మన నోట్లోనే ఉంది.

ఇవాపొరేషన్ పాఠమే తీసుకుందాం. "వాటీజ్ ఇవాపొరేషన్?" అంటే ఒక పాప నిర్వచనం గడగడా చెప్తది. అదే పాపను, "కల్లంల పోసిన వడ్లు ఎండినయి కదా, వాటిలోని పాణి ఎటు పోయింది?" అని లంబాడీలో అడగండి. "నేల తాగింది" అంటే నిర్వచనం బట్టీ అన్నట్టే. టార్పాలిన్ మీద పోసినా ఎండుతయి కదా అని అక్కడి నుంచి మొదలుపెట్టాలె. ఇంకో పిల్లగాడు ఇంగ్లీషు ప్రశ్నకు తల వంచుకుంటడు. లంబాడీలో అడిగితే మాత్రం, "గాలిలో కలిసింది. కుప్పగా ఉంటే ఎండయి, పలుచగా నెరపాలె" అంటడు. వాళ్ల నాయన కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకుండా పడే తిప్పలు వాడు చూసిండు. వాడికి కొరవడింది ఇంగ్లీషు మాటే, దాన్ని పది నిమిషాల్లో నేర్పొచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బాష్పీభవనం అన్న తెలుగు మాట మన పిల్లకు ఇంగ్లీషంత కొత్తదే. పోనీ ఆవిరి అందామంటే, పొయ్యి మీద మరిగే నీళ్లే గుర్తొస్తయి. "నీళ్లు మరగకుండా ఆవిరైతయా?" అంటే "కావు" అనేస్తది. అది తెలియక కాదు, మన మాట దారి తప్పించింది. అందుకే ప్రశ్నలో పాఠం పేరు రానియ్యకండి. వడ్లు, గాలి, ఎండ అనే అడగండి.

రెండు భాషల్లోనూ ఒకే ప్రశ్న వేస్తే రెండోది మొదటిదానికి అనువాదమైపోతది. లంబాడీలో వడ్ల గురించి అడిగితే, ఇంగ్లీషులో తడి బట్టల గురించి అడగండి: "విచ్ డ్రైస్ ఫస్ట్, ఫోల్డెడ్ ఆర్ ఓపెన్?" చిన్న మాటలు చాలు. ఒక్క మాటలో జవాబు వస్తది. కానీ రెండిట్లో ఒకటి గుడ్డిగా చెప్పినా సగంసార్లు సరిపోతది, కాబట్టి "ఎందుకు?" అని వెంటనే అడగాలె. ఆ ఎందుకుకు జవాబు ఏ భాషలో వచ్చినా తీసుకోండి.

"సమజైందా?" అని మాత్రం అడగకండి. అందరూ తలకాయ ఊపుతరు. పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటది కాబట్టి, కారణం సరిగ్గా చెప్పినంక ఇవాపొరేషన్ అని బోర్డు మీద రాసి, తడి బట్టల మీద ఒక వాక్యం పిల్లతోనే రాయించండి.