జ్వరం కంటె ముందే సోకే ఫ్లూ

ఒక విద్యార్థి వసతిగృహంలో బుధవారం సాయంత్రం ఒకరికి హఠాత్తుగా జ్వరం వచ్చిందనుకుందాం. వైద్యుడు పరీక్షించి, అది ఫ్లూ అని చెప్పి, రోగిని వేరే గదిలో ఉంచమంటాడు. సలహా సరియైనదే. కాని అంతటితో తక్కినవారికి ప్రమాదం తప్పినట్లేనా?

ఫ్లూ వైరస్ సోకిన తరువాత లక్షణాలు కనబడడానికి ఒకటి నుంచి నాలుగు రోజులు, సాధారణంగా రెండు రోజులు పడుతుంది. ఈలోగా వైరస్ ముక్కు, గొంతు లోపలి పొరలలో వృద్ధి చెందుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు ముఖ్యంగా దానిని ఎదుర్కొనే శరీరపు ప్రతిక్రియ వల్ల కలిగేవి. కనుక అవి కొంత వెనుకగా వస్తాయి. అందువల్ల జ్వరానికి సుమారు ఒక రోజు ముందే ఊపిరితోను, మాటల తుంపరలతోను వైరస్ వెలువడవచ్చు. జబ్బుపడిన మొదటి మూడు నాలుగు రోజులలో అది మరింత హెచ్చుగా ఉంటుంది. కాబట్టి రోగిని వేరుచేయడం వృథా కాదు. అయితే ముందురోజు సోకినదానిని అది ఆపలేదు.

ఆ విద్యార్థి మంగళవారం రాత్రి తన గదిలోని మిత్రునితో కలిసి భోజనం చేశాడు. అప్పుడే సోకి ఉంటే, మిత్రునికి గురువారం రాత్రి జ్వరం రావచ్చు. అంటే బుధవారం రాత్రి నుంచే, మొదటి రోగిని వేరుచేసిన కొద్ది గంటలకే, అతడు ఇతరులకు వ్యాధిని అంటించగలడు. గురువారం ఉదయం థర్మామీటరు పెట్టి చూచినా అతనికి జ్వరం ఉండదు.

కనుక రోగికి సన్నిహితంగా మెలగినవారెవరో మంగళవారం సాయంత్రం నుంచి లెక్కించాలి. మిత్రుడు చివరిసారిగా అతనితో ఉన్నది బుధవారం సాయంత్రం గనుక, ఆదివారం సాయంత్రం వరకు నాలుగు రోజులు జాగ్రత్త వహించాలి. అంతవరకు అతడు విడిగా భోజనం చేయడం, వృద్ధులను, గర్భిణులను, పసిపిల్లలను చూడబోకుండడం మంచిది. అతనిని రోగి గదిలోనే ఉంచడం మాత్రం పొరపాటు. సోకకుండా మిగిలి ఉంటే అక్కడ సోకుతుంది.

1918లో పసిఫిక్ మహాసముద్రంలోని సమోవా దీవులు ఈ భేదాన్ని చూపాయి. న్యూజీలాండ్ పాలనలోని పశ్చిమ సమోవాలో నవంబరు 7న 'తలూన్' అనే ఓడ ప్రయాణికులను దిగనిచ్చారు. కొద్ది వారాలలోనే అక్కడి జనాభాలో ఐదవ వంతు మరణించారు. పొరుగున ఉన్న అమెరికన్ సమోవాలో గవర్నర్ జాన్ పోయర్ రోగులను మాత్రమే కాక, ఆరోగ్యంగా కనబడినవారిని సైతం నిర్బంధ పరిశీలన లేకుండా తీరం చేరనీయలేదు. అక్కడ ఆ వ్యాధితో ఒక్కరూ మరణించలేదు.

నగరానికి అటువంటి కట్టడి సాధ్యం కాదు. అయినా, సన్నిహితుల విషయంలో నిర్ణయానికి ఆధారం కావలసినది వారి జ్వరం కాదు, రోగితో కలిసిన తేదీ. రోగి విషయంలో లెక్క వేరు: మందు వేసుకోకుండానే జ్వరం విడిచి, మిగిలిన లక్షణాలు తగ్గుముఖం పట్టి ఒక పూర్తి రోజు గడిచేవరకు అతడు గదిలోనే ఉండాలి.